హాజరు, మంజూరు, వసూలు: తెలుగులో దాగిన అరబ్బీ వ్యాకరణం

తెలుగులో ‘రాసిన’ అనే మాట ఎవరి పక్కనైనా, దేని పక్కనైనా కుదురుకుంటుంది. రాసిన మనిషి, రాసిన ఉత్తరం, రాసిన కలం, రాసిన రోజు. మొదటిదాంట్లో మనిషి కర్త, రెండోదాంట్లో ఉత్తరం కర్మ, మూడోది పనిముట్టు, నాలుగోది సమయం. మాట మాత్రం ఒకటే. ‘చంపిన పులి’ అంటే పులి చంపిందా, పులిని చంపారా అన్నది చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తెలుసుకోవాల్సిందే. తెలుగువాళ్ళకు ఇదేమీ ఇబ్బంది కాదు, పుట్టినప్పటి నుంచీ అలవాటే.

అరబ్బీలో ఈ వెసులుబాటు లేదు. రాసినవాడికి ఒక రూపం, రాసినదానికి ఇంకో రూపం, రాయడం అనే పనికి మూడో రూపం. అందుకే అరబ్బీ నేర్చుకునే తెలుగువాళ్ళు తడబడేది ఎక్కువగా ఇక్కడే. తమాషా ఏమిటంటే ఈ మూడు రూపాలూ మన నోట్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలోనూ, తర్వాత నిజాముల కాలంలోనూ ఫారసీ, ఉర్దూల మీదుగా కచేరీలకొచ్చిన అరబ్బీ మాటలు ఇవాళ్టికీ తెలుగు ఆఫీసుల్లో తిరుగుతున్నాయి. వాటిని కాస్త విప్పి చూస్తే సగం వ్యాకరణం వచ్చేసినట్టే.

అరబ్బీ మాటకు పునాది సాధారణంగా మూడు హల్లులు. ‘క-త-బ’ అంటే రాత వ్యవహారం. ఆ హల్లుల మధ్య అచ్చులు నింపే పద్ధతిని బట్టి మాట స్వభావం మారుతుంది. మొదటి హల్లు తర్వాత ‘ఆ’, రెండోదాని తర్వాత ‘ఇ’ పెడితే కాతిబ్: రాసేవాడు, రాసినవాడు. దీన్ని ఇస్ము ఫాయిల్ అంటారు, తెలుగులో కర్తృరూపం అనుకుందాం. ముందు ‘మ’ చేర్చి రెండో హల్లు తర్వాత ‘ఊ’ పెడితే మక్తూబ్: రాసినది. ఇది ఇస్ము మఫ్‌ఊల్, అంటే కర్మరూపం. రాయడం అనే పని పేరు కితాబత్. దీన్ని మస్దర్ అంటారు, మన క్రియానామం.

ఇప్పుడు మన మాటల్లోకి రండి. ‘న-జ-ర’ అంటే చూపు. చూడటం అనే పని నజర్. చూసేవాడు, పర్యవేక్షించేవాడు నాజిర్, కోర్టుల్లో నాజరు ఆయనే. చూడబడినది మంజూర్. పై అధికారి కంటపడింది కాబట్టి అంగీకరించినట్టు లెక్క, అదే మన ‘మంజూరు’. ‘అ-మ-ల’ అంటే చేత, ఇందులోని ‘అ’ అరబ్బీ లెక్కలో హల్లే. చేయడం అమల్, అంటే అమలు. చేసేవాడు ఆమిల్, పన్నులు వసూలు చేసే అధికారికి ఒకప్పుడు ఆ పేరుండేది. చేస్తూ వస్తున్నది, వాడుకలో పడినది మఅమూల్, మన మామూలు. జీవో అమలు కావాలంటే మామూలు ముట్టాలి అని విసుక్కునేవాళ్ళకు ఆ రెండూ ఒక తల్లి పిల్లలేనని తెలియదు.

తెలుగు చెవికి పట్టే గుర్తు ఇది: మొదటి అక్షరానికే దీర్ఘం ‘ఆ’ ఉంటే కర్తృరూపం కావచ్చు. హాజరు అసలు హాజిర్, వచ్చి ఉన్నవాడు. దాఖలు అసలు దాఖిల్, లోపలికి వెళ్ళినది. వారసుడు అసలు వారిస్, ఆస్తి పొందేవాడు. దాని మీద తెలుగు ‘డు’ తగిలించి మనవాణ్ణి చేసేసుకున్నాం. మూడింట్లోనూ అసలున్న ‘ఇ’ తెలుగులో ‘అ’ అయిపోయింది. మనకిది చిన్న మార్పే, అరబ్బీలో మాత్రం ఆ ‘ఇ’, ‘అ’ తేడా మీద ఎంత ఆధారపడి ఉంటుందో కాసేపట్లో చూస్తాం.

మూల హల్లుల్లో చివరిది ‘య’, ‘వ’ లాంటి బలహీనమైనదైతే కర్తృరూపం ‘ఈ’తో ముగుస్తుంది. ఖాజీ తీర్పు చెప్పేవాడు, రాజీ ఒప్పుకున్నవాడు, బాకీ మిగిలినది, ఖాళీ ఏమీ లేనిది, జారీ పారుతున్నది, నడుస్తున్నది. మన ‘రాజీనామా’ అంటే, మాటల లెక్కన, ఒప్పుకున్నవాడి కాగితం. ఉర్దూలో ‘చాలినంత’ అనే అర్థమున్న కాఫీ కూడా ఈ వరసదే. తాగే కాఫీకి మాత్రం ఈ వరసతో సంబంధం లేదు.

క్రియానామం దగ్గరికొచ్చేసరికి సుఖం పోతుంది. మామూలు మూడక్షరాల క్రియకు క్రియానామం ఏ అచ్చులతో వస్తుందో ముందుగా చెప్పే సూత్రం లేదు. అర్థం చేసుకోవడం ఫహ్మ్, చదవడం ఖిరాఅత్, ప్రవేశించడం దుఖూల్, చేరడం వుసూల్. నిఘంటువు చూసి ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకోవడమే మార్గం. మనకూ ఇలాంటిది ఉంది. నడవడం, పాడటం, చదవడం అని ‘-డం’ రూపం ఏ ధాతువుకైనా ఇట్టే కట్టొచ్చు. నడక, పాట, చదువు మాత్రం దేనికది విడిగా నేర్చుకున్నవే. అరబ్బీ మూలక్రియల మస్దర్లన్నీ నడక, పాట బాపతు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. వసూలు, మామూలు రెండూ మన చెవికి ఒకేలా ‘ఊలు’ అని ముగుస్తాయి. కానీ వుసూల్‌లో మూలహల్లులు వ-స-ల, మొత్తం మాట వాటితోనే అయిపోయింది. అది చేరడం అనే పని. డబ్బు చేరడమే మనకు వసూలు. మఅమూల్‌లో మూలహల్లులు అ-మ-ల మాత్రమే, ముందున్న ‘మ’ బయటి నుంచి వచ్చింది. కాబట్టి ‘ఊ’ ఒక్కటే చూసి కర్మరూపం అనకూడదు, ముందు ‘మ’ అదనంగా ఉందా అని చూడాలి. పోనీ ‘మ’ ఉంటే చాలా అంటే అదీ కాదు. మజిలీ అసలు మన్జిల్, దిగే చోటు. మసీదు అసలు మస్జిద్, సాష్టాంగపడే చోటు. మహజరు అసలు మహ్‌జర్, నలుగురూ హాజరైన సందర్భం. ‘మ’ ఉండి ‘ఊ’ లేకపోతే అది చోటు పేరో, సమయం పేరో అయ్యే అవకాశం ఎక్కువ. మస్దర్ అనే మాటే ఈ మూసలో పోసినది, పుట్టిన చోటు అని అర్థం. క్రియలన్నీ క్రియానామం నుంచే పుట్టాయని బస్రా నగరపు వ్యాకర్తలు వాదించారు కాబట్టి ఆ పేరు వాళ్ళకు భలే నప్పింది. కూఫా వ్యాకర్తలు మాత్రం క్రియే ముందు, నామం తర్వాత అన్నారు.

ఇంకో చిక్కు మన జ-కారంతో. అరబ్బీలో నాలుగు వేర్వేరు అక్షరాలు ఫారసీ నోట్లో పడి ఒకే ధ్వని అయ్యాయి, తెలుగులోకి ‘జ’గా దిగాయి. అందువల్ల మంజూరు, నజరానా ఒకే మూలం అనిపిస్తాయి. కావు. మంజూరులోది చూపు, నజరానాలోది మొక్కుబడి. తెలుగు లిపిలో చూసి మూలాన్ని ఊహించేటప్పుడు జ-కారాన్ని నమ్మకూడదు.

ఇంతవరకు చెప్పింది మూలక్రియల సంగతి. అరబ్బీలో అదే మూలం నుంచి అచ్చులు మార్చి, హల్లు రెట్టించి, ముందు ఏదో ఒకటి చేర్చి కొత్త క్రియలు కట్టుకుంటారు. ‘తెలుసుకున్నాడు’ నుంచి ‘నేర్పాడు’ వచ్చినట్టు. వీటికి క్రియానామాలు మాత్రం చక్కగా సూత్రం ప్రకారం వస్తాయి. నేర్పడం తఅలీమ్. కుస్తీ నేర్పే చోటును తాలింఖానా అంటారే, అందులో ఉన్నది ఇదే. తాకీదు, తారీఖు, తహసీలు కూడా ఈ ‘త... ఈ’ మూసలో పోసినవే. న్యాయం చేయడం ఇన్సాఫ్.

ఈ క్రియల నుంచి వచ్చే కర్తృ, కర్మ రూపాలు రెండూ ‘ము’తోనే మొదలవుతాయి. తేడా చివరి హల్లు ముందున్న అచ్చులో ఉంటుంది. ‘ఇ’ ఉంటే చేసేవాడు, ‘అ’ ఉంటే చేయబడినవాడు. న్యాయం చేసేవాడు మున్సిఫ్. నేర్పేవాడు ముఅల్లిమ్, నేర్చుకున్నవాడు, అంటే నేర్పించబడినవాడు, ముఅల్లమ్. ఎదురుచూసేవాడు ముంతజిర్, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ఆయన ముంతజర్. తెలుగు లిపిలో ఈ తేడా గుడింత రూపంలో కళ్ళముందే కనిపిస్తుంది. అరబ్బీ పుస్తకాల్లో, పత్రికల్లో సాధారణంగా హ్రస్వాచ్చులు రాయరు. ముంతజిర్, ముంతజర్ రెండూ కాగితం మీద అచ్చంగా ఒకటే. చదివేవాడు వాక్యం చూసి అచ్చు తానే పెట్టుకోవాలి.

ఒక్కోసారి ఉచ్చారణ కూడా ఆదుకోదు. ‘ఎంచుకోవడం’ అనే క్రియ మూలంలో మధ్య అక్షరం ‘య’. కర్తృరూపంలో రావాల్సిన ‘యి’, కర్మరూపంలో రావాల్సిన ‘య’ రెండూ కరిగి ‘ఆ’ అయిపోతాయి. ఫలితం ముఖ్తార్. ఎంచుకునేవాడూ ముఖ్తారే, ఎంచుకోబడినవాడూ ముఖ్తారే. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో వినిపించే ముక్త్యారునామాలో ఉన్నది ఈ మాటే. యజమాని ఎంచుకున్న మనిషి అనుకున్నా, యజమాని తరఫున నిర్ణయాలు ఎంచుకునే మనిషి అనుకున్నా కుదురుతుంది. ఇలాంటి మాటకు రూపం చూసి తీర్పు చెప్పడం అసాధ్యం.

కాబట్టి వాక్యంలోకి వెళ్ళాలి. ఒక చిన్న వాక్యం తీసుకుందాం:

‘జాఅ కాతిబుర్ రిసాలతి ఖబ్ల వుసూలిల్ ముఅల్లిమి, వర్ రిసాలతు మక్తూబతున్ బి ఖత్తిన్ జమీలిన్.’

గురువు రాకముందే ఉత్తరం రాసినవాడు వచ్చాడు, ఉత్తరం అందమైన దస్తూరితో రాసి ఉంది అని అర్థం. మొదట ‘జాఅ’ అంటే వచ్చాడు. క్రియ అయిపోయింది, ఇక కర్త కావాలి. తర్వాతి మాట అచ్చులు లేకుండా చూస్తే ‘కాతబ’ అని ఇంకో క్రియ కూడా కావచ్చు, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపాడు అని. కానీ వచ్చాడు అన్న వెంటనే ఎవరు అన్నది తెలియాలి కాబట్టి అక్కడ నామమే ఉండాలి. ‘ఆ... ఇ’ అచ్చులున్న నామం, కర్తృరూపం కాతిబు. దాని తర్వాతి మాట ‘రిసాలతి’ అని ఇ-కారంతో ముగిసింది. అరబ్బీలో అది షష్ఠికి గుర్తు. ఉత్తరపు రాతగాడు అన్నట్టు.

‘ఖబ్ల’ అంటే ముందు. దాని వెనక నామమే రావాలి, అదీ ఇ-కారంతో. వుసూలి వచ్చింది. ఇది పని పేరేనా అని తేల్చుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. ఆ మాట తీసేసి ‘అన్’ అనే చిన్న మాట పెట్టి దాని తర్వాత క్రియ వేసి చూడాలి. ‘ఖబ్ల అన్ యసిలల్ ముఅల్లిము’, గురువు చేరుకునే ముందు. అర్థం చెడలేదు. కాబట్టి వుసూల్ ఇక్కడ నిజమైన క్రియానామం. ఇదే పరీక్ష చివరనున్న ‘ఖత్త్’ మీద పెట్టండి. అదీ పుట్టుకలో గీయడం, రాయడం అనే పని పేరే. కానీ ఇక్కడ ‘అన్’ పెట్టి క్రియ వేస్తే పక్కనున్న ‘అందమైన’ అనే విశేషణం గాల్లో వేలాడుతుంది. అంటే ఖత్త్ ఇక్కడ పని కాదు, వస్తువు. ‘వాడి రాత బాగుంది’ అన్నప్పుడు మన ‘రాత’ ఎలాగో అలాగ.

ముఅల్లిమి దగ్గర వ్యాకరణం చేతులెత్తేస్తుంది. ముఅల్లమి అని చదివినా వాక్యం నిలబడుతుంది. గురువు అన్న అర్థంలో ముఅల్లిమ్ వాడుక ఎక్కువ కాబట్టి అలా చదువుతాం, అంతే. మక్తూబతున్‌కు మాత్రం అనుమానమే లేదు. రిసాలత్ అరబ్బీలో స్త్రీలింగం, దాన్ని వర్ణించే మాటకూ ‘త్’ చేరింది. ఆ ఉత్తరం రాయదు, రాయబడుతుంది. దేన్ని వర్ణిస్తోందో చూసి, అది పని చేసిందా, పని దాని మీద జరిగిందా అని అడిగితే కర్తృ, కర్మ రూపాల తగాదా చాలావరకు తీరుతుంది.

కర్తృరూపంలో క్రియ ఇంకా కొనప్రాణంతో ఉంటుంది అనడానికి అరబ్బీ వ్యాకరణంలో చెప్పుకునే కథ ఒకటుంది. ఖలీఫా హారూన్ అల్ రషీద్ (పాలన 786–809) కొలువులో వ్యాకర్త కిసాయీ, న్యాయవేత్త అబూ యూసుఫ్‌ను ఒక ప్రశ్న అడిగాడట. నీ పనికుర్రాణ్ణి ఎవరో చంపారనుకో. ఒకడు ‘అన ఖాతిలు గులామిక’ అన్నాడు, ఇంకొకడు ‘అన ఖాతిలున్ గులామక’ అన్నాడు. ఎవర్ని పట్టుకుంటావు? ఇద్దర్నీ అన్నాడు అబూ యూసుఫ్. తప్పు, మొదటివాణ్ణి మాత్రమే అన్నది జవాబు. మొదటి వాక్యంలో ఖాతిల్ పక్క మాటతో షష్ఠిలో ముడిపడి ఉంది. ‘నీ కుర్రాణ్ణి చంపినవాణ్ణి నేను’ అని. రెండోదాంట్లో ‘ఖాతిలున్’ అని ‘న్’ చేరింది, కుర్రాడు అ-కారంతో ద్వితీయలోకి వెళ్ళాడు. అంటే ఖాతిల్ ఇక్కడ క్రియలా కర్మను పట్టుకుంది. ‘నీ కుర్రాణ్ణి చంపబోయేవాణ్ణి నేను’ అని అర్థం. వాడు ఇంకా ఏమీ చేయలేదు.

రెండు చిన్న అచ్చులు, ఒక అనుస్వారం లాంటి ‘న్’. తెలుగులో ఆ పని ‘చంపిన’, ‘చంపే’, ‘చంపబోయే’ అనే రూపాలు చేస్తాయి. మన ధాతుజ విశేషణం కాలాన్ని చెబుతుంది, కర్త ఎవరో కర్మ ఎవరో చెప్పదు. అరబ్బీది కర్త, కర్మలను చెబుతుంది, కాలాన్ని దానంతట అది చెప్పదు. ఒక జాగ్రత్త: ‘న్’ ఉండి ద్వితీయ వస్తే జరిగిపోయిన పని కాదని గట్టిగా చెప్పొచ్చు గానీ, షష్ఠి వచ్చినంత మాత్రాన ప్రతిసారీ జరిగిపోయిందనే అర్థం కాదు. జరగబోయేదాన్ని కూడా షష్ఠితో చెప్పిన వాక్యాలు అరబ్బీలో బోలెడు.

క్రియానామానికీ ఇలాంటి గొడవ ఒకటుంది. వాళ్ళ వ్యాకరణ పుస్తకాల్లో మన రాముడు, కృష్ణుడిలా ప్రతి ఉదాహరణలోనూ జైద్, అమ్ర్ అనే ఇద్దరుంటారు. పాపం ఎప్పుడూ ఒకరినొకరు కొట్టుకుంటూనే ఉంటారు. ‘దర్బు జైదిన్’ అంటే జైద్ కొట్టడమా, జైద్‌ను కొట్టడమా? రెండూ కావచ్చు. ‘దర్బు జైదిన్ అమ్రన్’ అని ద్వితీయలో ఇంకో పేరు వస్తే జైద్ కొట్టేవాడని తేలుతుంది. రాకపోతే సందర్భమే దిక్కు. తెలుగులో ‘-ను’ ఉండటం వల్ల ఈ చోట మనం నయం.

ఇక చివరిది, తెలుగువాళ్ళను నేరుగా దెబ్బతీసే మాట. దావా వేయడం అనే అరబ్బీ క్రియకు కర్తృరూపం ముద్దఈ. దావా వేసినవాడు, వాది. ప్రతివాదిని చెప్పడానికి కర్మరూపం ‘ముద్దఆ’ ఒక్కటే సరిపోదు. ఆ క్రియ ‘మీద’ అనే మాటతో కలిసి నడుస్తుంది. అందుకని ‘ముద్దఆ అలైహి’ అంటారు, ఎవరి మీద దావా పడిందో అతను. ప్రతివాది ఆడమనిషైతే ముద్దఆ కదలదు, ‘అలైహి’ మాత్రమే ‘అలైహా’ అవుతుంది. కర్మరూపం పక్కన ఇలా ‘మీద’, ‘కోసం’ లాంటి మాట వేలాడుతుంటే లింగ వచనాలు ఆ తోకలో వెతకాలి తప్ప రూపంలో కాదు.

తెలుగు పత్రికల్లో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అంటే కర్త, కర్మ తారుమారు. ఊళ్ళో కూర్చుని చదివేవాళ్ళకు ఇది మాటల ముచ్చట. గల్ఫ్‌లో జీతం బకాయిల కోసం లేబర్ కోర్టుకెక్కిన జగిత్యాల మనిషికి కాదు. అతని చేతికొచ్చిన అరబ్బీ కాగితంలో అతని పేరు పక్కన ‘అల్ ముద్దఈ’ అని ఉంటుంది. ఎవరైనా అక్షరాలు కూడబలుక్కుని అది పైకి చదివితే తనను ముద్దాయిని చేశారని టెన్షన్ పడతాడు. నిజానికి ఆ మాట కేసు వేసింది అతనేనని చెబుతోంది. జీతం ఎగ్గొట్టిన కంపెనీ ఆ కిందే, ‘ముద్దఆ అలైహా’ అన్న చోట ఉంటుంది. కంపెనీ కూడా అరబ్బీలో స్త్రీలింగమే.